రాని బిల్లుకు రాసిన పద్దు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక కంపెనీలో చాలా ఏళ్ళు పద్దులు రాశాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయే అయినా, షెడ్డులో వెల్డింగ్ మిరుగులు పడుతుంటే పక్క గదిలో కూర్చుని వోచర్లు కొట్టే తరహా కంపెనీ. ప్రతి నెలా పదో తారీఖులోపు ముందు నెల లాభనష్టాల కాగితం ఓనర్ గారి బల్ల మీద పెట్టాలి. ఆయన దాన్ని వేలు పెట్టి లైను లైనుగా చదివేవారు. నేను చేరిన కొత్తలో ఒకసారి ఆయన వేలు ఒక లైను దగ్గర ఆగిపోయింది.

"ఏమయ్యా, ఆడిట్ ఫీజు ఇరవై వేలని రాశావు. ఆడిటర్ గారు మన గుమ్మం తొక్కి ఆర్నెల్లయింది. బిల్లూ రాలేదు, మనం చెక్కూ ఇవ్వలేదు. మరి ఈ ఇరవై వేలు ఎక్కడికి పోయినట్టు?"

"ఎక్కడికీ పోలేదండీ. ప్రొవిజన్ వేశాను."

"అంటే?"

మార్చి నెలలో మన షెడ్డులో కాలిన కరెంటుకు బిల్లు ఏప్రిల్‌లో వస్తుంది. అంతమాత్రాన ఆ ఖర్చు ఏప్రిల్‌ది అయిపోదు, మార్చిదే. అలాగే ఏడాదికి ఆడిటర్ గారికి 2,40,000 ఇవ్వాలని ఒప్పుకున్నాం కాబట్టి నెలకు 20,000 చొప్పున పక్కన రాసి పెడుతున్నాను అని చెప్పాను. ఆయన తల ఊపారు గానీ వదల్లేదు.

"కరెంటంటే వాడేశాం. ఆడిటర్ పని ఇంకా మొదలే కాలేదు కదా?"

ఆ ప్రశ్నలో పస ఉంది. 31 మార్చితో ముగిసిన ఏడాది లెక్కల్ని ఆడిటర్ తనిఖీ చేసేది చాలామటుకు మే, జూన్, జూలై నెలల్లో. మార్చి 31 నాటికి ఆయన చేసిందల్లా డిసెంబరులో ఒకసారి వచ్చి వోచర్లు చూడటం, ఆఖరి రోజున ఒక కుర్రాణ్ణి పంపి షెడ్డులో ఉన్న ఇనుప చానళ్ళు, అల్యూమినియం షీట్లు లెక్క పెట్టించడం. పని ఎంత జరిగితే అంతే ఖర్చు రాయాలనే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. మన దగ్గర మాత్రం ఏ ఏడాది లెక్కలకు ఆడిట్ జరుగుతుందో, ఆ ఏడాదికే మొత్తం ఫీజు వేయడం ఆనవాయితీగా స్థిరపడింది. కంపెనీల చట్టం కింద అచ్చయ్యే బ్యాలెన్స్ షీట్‌లో ఆడిటర్‌కు ఎంత ఇచ్చారో విడిగా ఒక నోట్ ఉంటుంది. ఆడిటర్‌గా ఎంత, పన్ను వ్యవహారాలకు ఎంత, ఇతర పనులకు ఎంత, పెట్టిన ఖర్చులకు తిరిగి ఇచ్చింది ఎంత అని. ఆ నోట్‌లో ప్రతి ఏటా ఒక ఏడాది ఆడిట్‌కు ఒక ఏడాది ఫీజు కనపడితేనే పోల్చి చూడటానికి వీలవుతుంది. సిద్ధాంతం ఓనర్ గారి వైపు ఉంది, ఆనవాయితీ నా వైపు ఉంది. ఉద్యోగం కూడా కొత్త కాబట్టి ఆనవాయితీతోనే నెట్టుకొచ్చాను.

నెలనెలా వేసే పద్దు చాలా చిన్నది. ఆడిట్ ఫీ ఖర్చు ఖాతాకు 20,000 డెబిట్, ఆడిట్ ఫీ ప్రొవిజన్ ఖాతాకు 20,000 క్రెడిట్. మొదటిది లాభం తగ్గిస్తుంది, రెండోది బ్యాలెన్స్ షీట్‌లో బాకీగా కూర్చుంటుంది. అయితే ఆ 20,000 ఎక్కడి నుంచి వచ్చిందనేదే ముఖ్యం. నిరుడు ఇచ్చినదాన్ని చూసి వేయడం అందరూ చేసేదే. కానీ ఈ ఏడాది ఫీజు ఎంతో ఆడిటర్ ఇచ్చిన ఒప్పంద పత్రంలోనో, బోర్డు తీర్మానంలోనో రాసి ఉంటుంది. వార్షిక సమావేశంలో చాలా కంపెనీలు "ఫీజు బోర్డు నిర్ణయిస్తుంది" అని తీర్మానించి వదిలేస్తాయి. ఆ తర్వాత బోర్డు ఎంత అన్నదో పద్దులు రాసేవాడి చెవిన ఎవరూ వేయరు. మనమే వెళ్ళి మినిట్స్ పుస్తకం అడిగి చూడాలి.

ఇక్కడే జీఎస్టీ దగ్గర ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఆడిట్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కదా అని నెలకు 23,600 వేస్తారు. మా కంపెనీకి ఆ 3,600 క్రెడిట్‌గా వెనక్కి వచ్చేస్తుంది, కాబట్టి అది మా ఖర్చు కాదు, ప్రొవిజన్‌లో ఉండకూడదు. ఆస్పత్రో, బడో అయితే వేరు. వాళ్ళ సేవల మీద జీఎస్టీ లేదు, కాబట్టి కట్టిన దానికి క్రెడిటూ రాదు. వాళ్ళు 23,600 వేయడమే సరి.

టీడీఎస్ సంగతి ఇంకొంచెం చిక్కు. వృత్తి నిపుణుల ఫీజు మీద 10 శాతం పట్టుకోవాలి, 2026 మార్చి దాకా అది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ కింద ఉండేది. ఏడాదికి 30,000 దాటితే పట్టుకోవాలని ఉండేది, 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు 50,000 అయింది. ఎప్పుడు పట్టుకోవాలి? డబ్బు ఇచ్చినప్పుడా, పద్దు రాసినప్పుడా? ఏది ముందైతే అప్పుడు. పైగా ఆ పద్దును "సస్పెన్స్" అనే పేరుతో రాసినా, ఇంకే పేరుతో రాసినా, ఆ మనిషి ఖాతాకే జమ చేసినట్టు లెక్క అని చట్టం ముందే తలుపు మూసేసింది. ప్రొవిజన్ అని పేరు పెట్టినంత మాత్రాన తప్పించుకోలేం, ముఖ్యంగా ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో తెలిసిన ఆడిట్ ఫీజు విషయంలో. చట్టాన్ని అక్షరాలా పాటిస్తే నెలనెలా 2,000 పట్టుకుని మరుసటి నెల ఏడో తారీఖులోపు కట్టాలి. చాలా కంపెనీలు, మా కంపెనీతో సహా, నెలల్లో ప్రొవిజన్ మాత్రం వేసి, మార్చి ఆఖరున మొత్తం మీద 24,000 పట్టుకుని ఏప్రిల్ 30 లోపు కట్టేసేవి. పన్ను ఆలస్యంగా పట్టుకున్నారని అధికారి అంటే నెలకు 1 శాతం వడ్డీ కట్టాల్సి రావచ్చు. మార్చిలో కూడా పట్టుకోకుండా వదిలేస్తే, రిటర్న్ గడువులోపు ఆ పన్ను కట్టకపోతే దెబ్బ అంతకంటే పెద్దది. ఆ ఖర్చులో 30 శాతం, అంటే 72,000, ఆ ఏడాదికి ఖర్చు కింద ఒప్పుకోరు.

సరే, మార్చి 31న మా పుస్తకాల్లో పరిస్థితి ఇదీ. ఖర్చు 2,40,000. అందులోంచి పట్టుకున్న టీడీఎస్ 24,000 ప్రభుత్వానికి ఇవ్వాల్సిన బాకీ, మిగిలిన 2,16,000 ప్రొవిజన్ ఖాతాలో నిల్వ.

ఇప్పుడు అసలు కథ. ఒక ఏడాది లెక్కలకు జూలై నెలలో బిల్లు వచ్చింది. జీఎస్టీ కాకుండా 2,85,000. ఓనర్ గారు బిల్లు చూసి, "నలభై అయిదు వేలు ఎక్కువేశారయ్యా, నీ ప్రొవిజన్ తప్పు" అన్నారు. పక్క సీట్లో ఉన్న కుర్రాడు అప్పటికే టాలీ తెరిచి మార్చి 31 తేదీతో 45,000 ఇంకో ప్రొవిజన్ కొట్టబోతున్నాడు. లెక్కలింకా సంతకం కాలేదు, కాబట్టి మార్చిలోకి వెళ్ళి సవరించడానికి వీలుంది. బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాత, లెక్కలు ఆమోదం పొందేలోపు తెలిసిన సంగతి, ఆ తేదీ నాటికే ఉన్న బాకీ ఎంతో తేల్చి చెబితే దాన్ని ఆ ఏడాదిలోనే సవరించాలని నాలుగో అకౌంటింగ్ స్టాండర్డ్ చెబుతుంది. కుర్రాడి ఆలోచన అంతవరకూ సబబే. కానీ బిల్లు మొత్తం చూసి, తేడా మొత్తం తీసుకెళ్ళి మార్చిలో పడేస్తే తప్పు. ముందు బిల్లు చదవాలి.

చదివితే నాలుగు లైన్లున్నాయి. ఆడిట్ ఫీజు, ఒప్పుకున్నట్టే 2,40,000. మార్చి 31న స్టాకు లెక్క పెట్టడానికి మనుషుల్ని పంపినందుకు 12,000. బ్యాంకువాళ్ళు ఓవర్‌డ్రాఫ్ట్ పొడిగింపు కోసం అడిగితే మే నెలలో ఇచ్చిన సర్టిఫికెట్‌కు 15,000. జీఎస్టీ నోటీసుకు జూన్‌లో జవాబు తయారు చేసినందుకు 18,000.

ఫోన్ చేసి ఆడిటర్ గారి ఆఫీసులో ఒక్కొక్కటి ఎప్పుడు జరిగిందో అడిగి రాసుకున్నాను. మార్చి 31 నాటికి మనం బాకీ పడ్డది మొదటి రెండు లైన్లకే. మే, జూన్ పనులు పూర్తిగా కొత్త ఏడాదివి. నోటీసు పాత ఏడాది లావాదేవీల గురించే కావచ్చు, అయినా జవాబు రాయించిన పని జూన్‌లో జరిగింది. ఆ పని మార్చి 31కి మన నెత్తిన బాకీగా లేదు. కాబట్టి మార్చిలోకి వెళ్ళాల్సింది 12,000 మాత్రమే, మిగిలిన 33,000 ఈ ఏడాది ఖర్చు. ఆ 33,000 ఆడిట్ ఫీజు లెడ్జర్‌లోకి కూడా పోకూడదు, "ప్రొఫెషనల్ ఫీ" లెడ్జర్‌లోకి పోవాలి. లేకపోతే బ్యాలెన్స్ షీట్ నోట్‌లో ఆడిటర్‌గా ఇచ్చింది ఒక్కసారి ఎందుకు పెరిగిందని వచ్చే ఏడాది మనమే తల గోక్కుంటాం.

అప్పుడు పద్దు ఇలా కుదిరింది. మార్చి తేదీతో 12,000 అదనపు ప్రొవిజన్, దాని మీద 1,200 టీడీఎస్. ఏప్రిల్ 30 గడువు దాటింది కాబట్టి ఆ 1,200కు కొద్దిగా వడ్డీ వదిలించుకున్నాం. ప్రొవిజన్ నిల్వ 2,26,800 అయింది. జూలైలో బిల్లు ఎక్కించేటప్పుడు ప్రొవిజన్‌కు 2,26,800, ప్రొఫెషనల్ ఫీకి 33,000, జీఎస్టీ క్రెడిట్‌కు 51,300 డెబిట్. ఇటువైపు కొత్త ఏడాది టీడీఎస్ 3,300, ఆడిటర్ గారికి ఇవ్వాల్సింది 3,07,800. టీడీఎస్‌ను జీఎస్టీ కలపని మొత్తం మీదే పట్టుకున్నాం, బిల్లులో జీఎస్టీ విడిగా చూపించారు కాబట్టి. ఆ పద్దు కొట్టాక ప్రొవిజన్ ఖాతాలో పాత ఏడాది తాలూకు ఒక్క రూపాయి లేదు. ఇక అందులో కనపడేది ఏప్రిల్ నుంచి కొత్త ఏడాదికి వేస్తున్న ఇరవై వేలు మాత్రమే.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. బిల్లును ప్రొవిజన్‌కు డెబిట్ చేయడం మరిచిపోయి, మళ్ళీ ఖర్చుకే డెబిట్ చేయడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. అంతకుముందు నేను పనిచేసిన ఇంకో చోట, చేరిన మొదటి వారంలో ట్రయల్ బ్యాలెన్స్ చూస్తే ఆడిట్ ఫీ ప్రొవిజన్‌లో 5,40,000 కనపడింది. వాళ్ళ ఆడిట్ ఫీజు ఏడాదికి 1,80,000. మూడేళ్ళ ఫీజు బాకీ పడ్డామా అని ఆడిటర్ గారిని అడిగితే, "అబ్బే, నాకు రావాల్సింది ఈ ఏడాదిది ఒక్కటేనండీ" అన్నారు.

ఏం జరిగిందంటే, నెలనెలా 15,000 ప్రొవిజన్ పడుతోంది. బిల్లు రాగానే ఎక్కించేవాడు టాలీలో లెడ్జర్ పేరు కోసం A అక్షరం కొట్టగానే `Audit Fee` పైకి వస్తుంది, ఎంటర్ కొట్టేస్తాడు. అసలు ఎంచుకోవాల్సిన `Provision for Audit Fee` ఎక్కడో P దగ్గర ఉంది. అక్కడి దాకా వెళ్ళేదెవరు? అలా రెండో ఏడాది ఆ ఏడాది ప్రొవిజనూ, మొదటి ఏడాది బిల్లూ కలిసి ఖర్చు 3,60,000 అయింది. మూడో ఏడాదీ అంతే. తమాషా ఏమిటంటే, ఆడిటర్ గారి ఫీజే పుస్తకాల్లో రెండింతలు కనపడుతుంటే ఆడిటర్ గారి కంటికే అది ఆనలేదు.

దిద్దడం కూడా చూసి చేయాలి. 5,40,000లో మూడో ఏడాది 1,80,000 నిజమైన బాకీయే, దాన్ని ముట్టకూడదు. వెనక్కి తీయాల్సింది 3,60,000 మాత్రమే. దాన్ని "ఇక అక్కర్లేని ప్రొవిజన్ వెనక్కి రాసుకున్నాం" అని మామూలుగా ఇతర ఆదాయంలో కలిపేయడానికి లేదు. అంచనా మారడం వేరు, చేతిలో కాగితం ఉండగా తప్పు రాయడం వేరు. రెండోది గత ఏళ్ళ పొరపాటు కాబట్టి అయిదో అకౌంటింగ్ స్టాండర్డ్ ప్రకారం విడిగా, అదేమిటో అర్థమయ్యేలా చూపించాలి. ఆ ఏళ్ళలో లాభం తక్కువగా కనపడింది కాబట్టి పన్ను కూడా తక్కువ కట్టినట్టే. అది మళ్ళీ వేరే తలనొప్పి.

అప్పటి నుంచి నేను రెండు పనులు చేస్తూ వచ్చాను. ఒకటి, లెడ్జర్ పేరు మార్చి `Audit Fee Payable` అని పెట్టడం. A కొట్టగానే రెండూ పక్కపక్కనే కనపడతాయి, చెయ్యి ఆగుతుంది. రెండోది, ఏ నెలాఖరునైనా ప్రొవిజన్ నిల్వను గడిచిన నెలల సంఖ్యతో సరిచూడటం. నెలకు ఇరవై వేలైతే డిసెంబరు 31న 1,80,000 ఉండాలి. 3,96,000 కనపడిందంటే, నిరుటి 2,16,000 ఇంకా దిగలేదన్నమాట. ఆ ఏడాది బిల్లు ఖర్చులోకి పోయిందా, అసలు బిల్లే రాలేదా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

కొందరు ఈ గొడవంతా ఎందుకని ఏప్రిల్ 1న ప్రొవిజన్ మొత్తాన్ని తిరగరాస్తారు. ఖర్చుకు 2,40,000 క్రెడిట్ పడుతుంది, తర్వాత బిల్లు వచ్చినప్పుడు ఖర్చుకే డెబిట్ చేస్తారు. తేడా దానంతటదే తేలుతుంది, ఏ కుర్రాడు ఎక్కించినా తప్పు జరగదు. పద్ధతి తప్పేమీ కాదు. కానీ బిల్లు జూలై దాకా రాకపోతే ఏప్రిల్ నెల లాభం 2,40,000 ఎక్కువ చూపిస్తుంది. లైను లైనుగా వేలు పెట్టి చదివే ఓనర్ ఉన్నచోట మైనస్ ఆడిట్ ఫీజు అంటే ఏమిటో చెప్పడానికి సగం పూట పడుతుంది. నేను ఆ జోలికి పోలేదు.

బిల్లు లెక్కలు సంతకం అయ్యాక వస్తే? అప్పుడు వెనక్కి వెళ్ళే దారి లేదు. ఆడిటర్ గారు ఏ కారణంగానో తగ్గించి 2,20,000కే బిల్లు ఇచ్చారనుకోండి, మిగిలిన 20,000 బిల్లు వచ్చిన ఏడాది ఖర్చులో తగ్గుతుంది. ఎక్కువిస్తే ఆ ఎక్కువ కూడా అదే ఏడాది ఖర్చు. అంచనా వేసినప్పుడు నిజాయితీగా వేస్తే, అది మారినందుకు పాత లెక్కలు తప్పయిపోవు. తగ్గిన బిల్లుతో టీడీఎస్ 2,000 ఎక్కువ కట్టినట్టు అవుతుంది. అది ఆడిటర్ గారి పాన్ నంబరు మీదే జమై ఉంటుంది, ఆయన రిటర్న్‌లో వాడుకుంటారు. మనం ఇచ్చే చెక్కులో ఆ మేరకు తగ్గిస్తాం, అంతే.

ఏడాది మధ్యలో ఫీజు పెరిగినప్పుడు ఇంకో చిన్న చిక్కు వస్తుంది. జనవరిలో బోర్డు ఫీజును 2,70,000 చేసిందనుకుందాం. నెలకు 22,500 కావాలి, మనం డిసెంబరు దాకా 20,000 చొప్పున వేశాం. తొమ్మిది నెలల లోటు 22,500. జనవరిలో ఆ నెలదీ, ఈ లోటూ కలిపి 45,000 వేసేయాలి. మిగిలిన మూడు నెలలకు ముప్పై వేల చొప్పున సర్దేవాళ్ళూ ఉన్నారు. కానీ అలా చేస్తే జనవరి 31 నాటికి నిజంగా ఉన్న బాకీ కంటే తక్కువ చూపించినట్టు అవుతుంది. జనవరి కాగితం వికారంగా కనపడినా ఫర్వాలేదని నా అభిప్రాయం.

లాయరు ఫీజుకు మాత్రం ఈ నెలనెలా లెక్క పనికిరాదు. లారీ బాడీ తీసుకెళ్ళి చెల్లని చెక్కు ఇచ్చినవాడి మీద మేం కేసు వేశాం. వకీలు గారు కేసు దాఖలు చేసినప్పుడు 20,000, విచారణ నడిచినప్పుడు 25,000, తీర్పు వచ్చాక 15,000 అన్నారు. ఆ అరవై వేలను పన్నెండు నెలలకు పంచితే అది లెక్క కాదు, ఊహ. మార్చి 31 నాటికి కేసు దాఖలై ఉండి బిల్లు రాకపోతే 20,000 వేయాలి, అంతకు మించి ఒక్క రూపాయి వేయకూడదు. ఆడిట్ ఫీజు ఏడాదికి కట్టిన ఫీజు, అది కాలంతో పాటు పెరుగుతుంది. వకీలు ఫీజు మెట్టుమెట్టుగా వస్తుంది, ఆ మెట్టు ఎక్కామా లేదా అన్నదే చూడాలి. డైరీలో వాయిదా తేదీలు రాసి పెట్టుకోవడం తప్ప దీనికి వేరే మార్గం నాకు తెలియదు.

ఆ జూలై బిల్లు తర్వాత నాకు ఇంకో అలవాటు అయింది. మార్చి 25కు అటూ ఇటుగా ఆడిటర్ గారి ఆఫీసుకు ఫోన్ చేసి, "ఈ ఏడాది ఒప్పందంలో లేని పని మాకేమైనా చేశారా? ఇంకా బిల్లు వేయనివి ఉన్నాయా?" అని అడగటం. మొదటి ఏడాది అవతలివాళ్ళు నవ్వారు. రెండో ఏడాది వాళ్ళే ముందుగా ఒక చిన్న పట్టీ పంపారు. అందులో మా బ్రాంచి షెడ్డు స్టాకు లెక్కింపు అని ఒకటుంది. మార్చి 31న చేయబోయే ఆ పనికి ఎనిమిది వేలు ఇంకా బిల్లు వేయాలట. దాన్ని 31వ తారీఖు ప్రొవిజన్‌లో కలిపాను. ఆ జూలైలో బిల్లు వచ్చినప్పుడు ఓనర్ గారి వేలు ఆ లైను మీద ఆగకుండా కిందికి జారిపోయింది.